మానేసిన సీనియర్ పని మీ మీద మిగిలిపోయినప్పుడు ఏం అడగాలి, ఎలా అడగాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ సామాను పంపిణీ చేసే ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్నాను. జీతం 28,000. ఐదు నెలల క్రితం మా సీనియర్ అకౌంటెంట్ మానేశారు. "కొత్తవాళ్లు వచ్చేదాకా కాస్త చూసుకోమ్మా" అని మా ఎండీ గారు అన్నారు. అప్పటి నుంచి జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్ పనులన్నీ నేనే చేస్తున్నాను. కొత్తవాళ్లు రాలేదు, జీతం పెరగలేదు, హోదా మారలేదు. ఇప్పుడు ఎలా అడగాలి? అడిగితే తప్పుగా అనుకుంటారా?

సమాధానం:

జీతం సంగతి ఎత్తే ముందు మీరు ఒక విషయం తెలుసుకోవాలి. మీ సీనియర్ కూర్చున్న పోస్టు ఇంకా ఖాళీగా ఉందా, లేక ఎవరూ ప్రకటించకుండానే రద్దయిపోయిందా? ఈ రెండింటికీ అడగవలసిన తీరు వేరు. ఖాళీగా ఉంటే మీరు చేస్తున్నది తాత్కాలిక భారం కనుక దానికి భత్యం అడగాలి. రద్దయి ఉంటే ఆ పని ఇక మీదే కనుక హోదా, జీతం మార్చమని అడగాలి. ప్రైవేటు సంస్థలలో మానవ వనరుల విభాగంలోనూ, ఆ తర్వాత ఆర్థిక విభాగంలోనూ చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఇలాంటి చోట్ల పోస్టును తీసేయాలని తొలిరోజున ఎవరూ నిర్ణయించరు. మొదటి నెల నిజంగానే మనిషి కోసం వెతుకుతారు. రెండో నెల వచ్చినవాళ్లు ఎక్కువ జీతం అడుగుతారు. మూడో నెలకు రిటర్నులన్నీ వేళకు దాఖలవుతున్నాయని యజమానికి అర్థమవుతుంది. ఆ తర్వాత వెతకడం దానంతట అదే ఆగిపోతుంది.

అది ఆగిందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నౌకరీ వంటి సైట్లలో మీ సంస్థ ఇచ్చిన ప్రకటన ఇంకా ఉందా? ఈ మధ్య ఇంటర్వ్యూకు ఎవరైనా వచ్చారా? కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమెలు పంపుతున్నారా? మీ ఆడిటర్ కార్యాలయం నుంచి వచ్చే మెయిళ్లలో మీ సీనియర్ పేరు ఉండే చోట ఇప్పుడు మీ పేరు ఉందా? అన్నిటికన్నా గట్టి సూచన ఏప్రిల్‌లో దొరుకుతుంది. కొత్త ఆర్థిక సంవత్సరపు జీతాల అంచనాలో ఆ పోస్టుకు సొమ్ము వేయలేదంటే అది రద్దయినట్టే. మీరు అకౌంట్స్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ అంచనా మీ కంటపడే అవకాశం ఎక్కువ. అయితే మీ పని పరిధిలో లేని కాగితాలను వెతికి తీయవద్దు, ఎవరి జీతం ఎంతో మాట్లాడేటప్పుడు బయటపెట్టవద్దు. ఆ సమాచారాన్ని వాడుకున్నారని తెలిస్తే మీ న్యాయమైన కోరిక పక్కకు పోయి, మీ నడవడి చర్చకు వస్తుంది.

ప్రభుత్వ కార్యాలయాలలో ఈ పరిస్థితికి ఒక పద్ధతి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్ 49 ప్రకారం ఒకరికి మరో పోస్టు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించాలంటే ఉత్తర్వు ఉండాలి. షరతులకు లోబడి మొదటి మూడు నెలలు జీతంలో ఐదో వంతు వరకు, తర్వాతి మూడు నెలలు పదో వంతు వరకు భత్యం ఇస్తారు, ఆపైన ఇవ్వరు. ఆ ఉద్యోగులు కూడా ఉత్తర్వు ఆలస్యమైందనీ, బిల్లు వెనక్కి వచ్చిందనీ వాపోతుంటారు, అది వేరే కథ. ఆ నియమం మీ సంస్థకు వర్తించదు. కానీ అందులోని మూడు అంశాలు, అంటే రాతపూర్వక ఉత్తర్వు, కాలపరిమితి, జీతంలో కొంత భాగం, మీరు అడగవలసిన వాటికి సరిగ్గా సరిపోతాయి. "కాస్త చూసుకోమ్మా" అన్న మాటలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అందుకే అది ఐదు నెలలు సాగింది.

ఇక పని లెక్క చూద్దాం. "చాలా పని పెరిగింది" అంటే ఏ యజమానీ కాదనడు, ఏ యజమానీ కదలడు. తేదీలతో చెబితే వింటాడు. మీ మీద కొత్తగా పడిన పని దాదాపు అంతా నెల మొదటి 20 రోజులలోనే ఉంటుంది. 7వ తేదీలోపు టీడీఎస్ చెల్లించాలి, 10వ తేదీకి వృత్తి పన్ను, 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 15వ తేదీకి పీఎఫ్, ఈఎస్‌ఐ. 14వ తేదీన సరఫరాదారులు చూపిన బిల్లుల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బీ, వస్తుంది. దాన్ని మీ కొనుగోలు పుస్తకంతో సరిచూసి, సరఫరాదారు చూపని బిల్లుల కోసం ఫోన్లు చేసి, 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ వేయాలి. ఇవి కాక మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్నులు ఉంటాయి. ఇదే 20 రోజులలో మీ అసలు పనులు, అంటే బిల్లుల నమోదు, బ్యాంకు రీకన్సిలియేషన్, బాకీల వసూలు జాబితా, ఎప్పటిలాగే ఉంటాయి. అవి వెనకబడి నెలాఖరున రాత్రి ఎనిమిది దాకా కూర్చోవలసి వస్తుంది. బయటి నుంచి చూసేవారికి మీ సొంత పనే ఆలస్యమైనట్టు కనబడుతుంది. పాత పనిలో వెనుకబాటుగా కనిపించడం ఈ రకం భారంలో మొదట జరిగే నష్టం, అప్రైజల్‌లో తగిలే దెబ్బ కూడా అదే.

కాబట్టి ఒక పూర్తి నెల, 1వ తేదీ నుంచి నెలాఖరు వరకు, రోజూ సాయంత్రం ఒక ఎక్సెల్ షీటులో నాలుగు గడులు నింపండి: తేదీ, పని పేరు, పట్టిన సమయం, ఆ పని గతంలో ఎవరిది. నెల మధ్యలో మొదలుపెట్టి 15 రోజులతో ఆపకండి, ఎందుకంటే ఈ పని నెల అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మీ సీనియర్ చేసిన పని అంతా మీకు రాలేదు. కొంత, ఉదాహరణకు యజమానికి నెలవారీ లాభనష్టాల నివేదిక, ఎవరూ చేయక ఆగిపోయి ఉంటుంది. కొంత ఆడిటర్ కార్యాలయానికి పోయి ఉంటుంది. మీకు వచ్చింది ఏదో దాన్నే లెక్కలో చూపండి. మొత్తం ఆయన పని నేనే చేస్తున్నానని అన్నారంటే, ఆగిపోయిన నివేదికను చూపించి మీ మాట మొత్తాన్ని తోసిపుచ్చుతారు.

జీతం కంటే ముందు సరిచేసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. మీరు ప్రశ్నలో దాన్ని ప్రస్తావించలేదు, చాలామంది ప్రస్తావించరు. బాధ్యత మీకు వచ్చింది కానీ అధికారం వచ్చిందా? జీఎస్టీ పోర్టల్‌లో నమోదైన మొబైల్ నంబరు, మెయిల్ చిరునామా ఇప్పటికీ మీ పాత సీనియర్‌వే అయి ఉండవచ్చు. ప్రతి నెలా ఓటీపీ కోసం ఆయనకు ఫోన్ చేస్తున్నారంటే అదే పరిస్థితి. ఆయన మర్యాదస్తుడు కాబట్టి చెబుతున్నారు. రేపు ఊరు మారితే, నంబరు మారితే, లేదా పాత బకాయి రాలేదని అలిగితే 20వ తేదీ సాయంత్రం మీరు ఏమీ చేయలేరు. అంతకంటే పెద్ద చిక్కు నోటీసులది. రిటర్నులలో తేడాలున్నాయని అధికారులు పంపే ఏఎస్‌ఎంటీ-10 నోటీసుకు గడువులోపు జవాబివ్వాలి. పోర్టల్‌లో ఎవరూ చూడక, మెయిల్ వెళ్లిపోయిన మనిషికి చేరి, గడువు దాటిపోయాక వ్యవహారం డిమాండ్ దాకా వెళ్లిన సందర్భాలు నాకు తెలుసు. అలాంటి ఒక సంస్థలో, ఎవరూ రాతపూర్వకంగా పని అప్పగించని ఒక జూనియర్‌ను పిలిచి "ఇది నువ్వే కదా చూస్తున్నది" అని అడిగారు. అంతవరకు ఆ పని ఆమెది అని ఒప్పుకోనివారు తప్పు జరిగిన రోజున వెంటనే ఒప్పుకున్నారు.

కనుక ఈ వారమే ఎండీ గారికి ఒక మెయిల్ పెట్టి, జీఎస్టీ, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఈఎస్‌ఐ పోర్టళ్లలో నమోదైన మొబైల్, మెయిల్ వివరాలను సంస్థకు చెందిన ఒక నంబరుకు, ఒక ఉమ్మడి మెయిల్‌కు మార్పించమని కోరండి. మీ సొంత నంబరు ఇవ్వకండి, రేపు మీరు మానేసినప్పుడు ఆ ఫోన్లు మీకే వస్తాయి. డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం టోకెన్ మీ సొరుగులో ఉంటే, ప్రతిసారీ దాఖలు చేసే ముందు రిటర్ను సారాంశాన్ని ఆయనకు మెయిల్ చేసి "సరే" అన్న జవాబు వచ్చాకే వాడండి. పోర్టల్ వివరాలు మార్పించమని కోరే మెయిల్‌లో జీతం మాట ఎత్తవద్దు. ఇది సంస్థ మేలు కోరి రాసిన ఉత్తరంగానే ఉండాలి, నిజంగా అలాంటిదే కూడా. కానీ ఆ పనులన్నీ ఫలానా నెల నుంచి మీరే చేస్తున్నారన్న మొదటి రాతపూర్వక ఆధారం దీనితో పుడుతుంది.

ఎంత అడగాలి అన్నదానికి ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూపుతాను. మీ షీటులో నెలకు 45 గంటల అదనపు పని తేలిందనీ, మీ సీనియర్ జీతం 48,000 అనీ అనుకుందాం. నెలకు 26 పనిదినాలు, రోజుకు 8 గంటలు అంటే 208 గంటలు. మీ గంట విలువ సుమారు 135 రూపాయలు, ఆయనది సుమారు 231. ఆ 45 గంటలకు మీ రేటున చూస్తే దాదాపు 6,050, ఆయన రేటున చూస్తే దాదాపు 10,400 అవుతుంది. మీ రేటున రెట్టింపు కట్టే ఓవర్‌టైమ్ పద్ధతిలో చూస్తే 12,100 దగ్గర తేలుతుంది. అంటే మీ కోరిక న్యాయంగా ఉండే పరిధి నెలకు ఆరు వేల నుంచి పన్నెండు వేల దాకా. నేనైతే 10,000 అడిగి, 8,000 దగ్గర ఒప్పుకుంటాను. ఆయన 48,000 మిగిలింది కాబట్టి అందులో సగం నాకు ఇవ్వండి అనే వాదన మాత్రం వద్దు. ఆ జీతంలో మీరు ఇంకా చేయని పనులకు, ఆయన అనుభవానికి ఇచ్చినదీ ఉంది. యజమానికి ఆ తేడా బాగా తెలుసు. దానికి బదులు ఈ పనినంతా బయటి సీఏ కార్యాలయానికి ఇస్తే నెలకు ఎంత తీసుకుంటారో తెలిస్తే ఆ అంకె పక్కన పెట్టండి. ఎండీ గారు ఆ రెండు అంకెలనే పోల్చి చూసుకుంటారు.

అడగడానికి 20వ తేదీ తర్వాతి రోజులు మంచివి. 18వ తేదీన అడిగితే గడువును చూపి బెదిరించినట్టు ఉంటుంది. ముందు నోటితో మాట్లాడండి, అదే రోజు సాయంత్రం మెయిల్ పెట్టండి. ముందుగా మెయిల్ పెడితే మన చిన్న సంస్థలలో అది ఫిర్యాదులా కనిపిస్తుంది, మాట్లాడి మెయిల్ పెట్టకపోతే ఆ మాట గాలికి పోతుంది. మీ మెయిల్ దాదాపు ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన సార్, ఈ ఉదయం మాట్లాడిన విషయాన్ని మీ దృష్టికి రాతపూర్వకంగా తెస్తున్నాను. సీనియర్ అకౌంటెంట్ గారు వెళ్లిన నాటి నుంచి జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్‌ఐ దాఖలు పనులను నా పాత బాధ్యతలతో పాటు నేనే నిర్వహిస్తున్నాను. ఈ ఐదు నెలలలో రిటర్నులన్నీ గడువులోపు దాఖలయ్యాయి. గత నెల పని వివరాల పట్టికను జతచేశాను, దాని ప్రకారం అదనపు పని నెలకు సుమారు 45 గంటలు. ఆ పోస్టును భర్తీ చేసే ఆలోచన ఉంటే, భర్తీ అయ్యేవరకు అదనపు బాధ్యతల భత్యంగా నెలకు 10,000 రూపాయలు, పని అప్పగించిన నెల నుంచి, మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. భర్తీ ఆలోచన లేకపోతే నా హోదాను, జీతాన్ని ఈ బాధ్యతలకు తగినట్టు సవరించవలసిందిగా కోరుతున్నాను. రెండింటిలో ఏది మీ నిర్ణయమో ఈ నెలాఖరులోగా తెలియజేస్తే నా పనిని దానికి అనుగుణంగా సర్దుకుంటాను."

రిటర్నులు గడువులోపు వేశామన్న వాక్యం నిజమైతేనే రాయండి. ఒక నెల ఆలస్యమై లేటు ఫీజు పడి ఉంటే ఆ నెల పేరు చెప్పి, కారణం ఒక్క మాటలో రాయండి. వాళ్లు వెతికి పట్టుకునే కన్నా మీరు చెప్పడమే నయం.

దీనికి వచ్చే జవాబులు చాలావరకు మూడే రకాలు. "అందరం ఎక్కువే చేస్తున్నాం కదమ్మా" అన్నది మొదటిది. దీనితో వాదించవద్దు. "నిజమేనండీ, అయితే నా పాత పనులలో ఏవి ఆపమంటారో చెప్పండి" అని అడిగి, బాకీల జాబితా వారానికోసారి కాకుండా పక్షానికోసారి చేస్తే చాలునా అనే లాంటి ఒక స్పష్టమైన ప్రతిపాదన పెట్టండి. సొమ్ము రాకపోయినా గంటలు తగ్గితే అదీ ఒక ఫలితమే. "ఇప్పుడు బడ్జెట్ లేదు" అన్నది రెండోది. ఏ నెల నుంచి ఉంటుందో అడగండి, అప్పటివరకు టీడీఎస్ రిటర్నులనైనా ఆడిటర్ కార్యాలయానికి ఇవ్వమనండి. మూడోదీ, అన్నిటికన్నా తీపిగా వినిపించేదీ, "అప్రైజల్‌లో చూద్దాం" అన్నది. అప్రైజల్‌లో వచ్చే పెంపు మామూలుగా అందరికీ వచ్చేదే. దానిలో ఈ భారం కలిసిపోయి కనబడకుండా పోతుంది. కాబట్టి "వార్షిక పెంపుతో సంబంధం లేకుండా, అదనపు బాధ్యతల మొత్తాన్ని పని అప్పగించిన నెల నుంచి లెక్కగట్టి ఇస్తామన్నారని అర్థం చేసుకున్నాను" అని ఒక్క వాక్యం మెయిల్‌లో తిరిగి రాయండి. వాళ్లు కాదంటే ఇప్పుడే తెలుస్తుంది.

ఒక నాలుగో జవాబు అరుదుగా వస్తుంది, దాని దగ్గర ఆగి ఆలోచించాలి. "జీతం తర్వాత చూద్దాం, ముందు నిన్ను అకౌంట్స్ మేనేజర్‌ను చేస్తాం" అంటారు. హోదా వచ్చిందని ఒప్పేసుకోవద్దు. తెలుగు రాష్ట్రాలలో అమలులో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం వారానికి 48 గంటలు దాటిన పనికి ఓవర్‌టైమ్ రెట్టింపు రేటున ఇవ్వాలి. కానీ నిర్వహణ హోదాలో ఉన్నవారికి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది. చట్టం మీ చేతిలో ఉన్న పనినీ చూస్తుంది, పేరు ఒక్కటే చాలదు, అయినా చేతికి సొమ్ము రాకుండా మేనేజర్ అన్న పేరు తీసుకుంటే మీకు ఉన్న ఆ కొద్దిపాటి వాదన కూడా బలహీనపడుతుంది. జీతంతో కలిసి వస్తేనే ఆ పేరు తీసుకోండి.

చట్టం సంగతి వచ్చింది కనుక దాని పరిమితి కూడా చెబుతాను. మీ నియామక పత్రం తీసి చూడండి, "యాజమాన్యం అప్పగించే ఇతర పనులు" అన్న వాక్యం దాదాపు తప్పక ఉంటుంది. ఆ వాక్యం ఉన్నంతవరకు వేరే పని చెప్పారన్న ఒక్క కారణంతో ఎవరినీ నిలదీయలేరు. గంటలు దాటితే మాత్రం లెక్క అడగవచ్చు. అందుకే మీ వచ్చిన, వెళ్లిన వేళలు హాజరు యంత్రంలో సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోండి, ఇంటికి తీసుకెళ్లి చేసే పని ఎక్కడా నమోదు కాదు. ఇంత చెప్పాక కూడా, పనిచేస్తూ ఉన్న సంస్థ మీద కార్మిక శాఖకు వెళ్లడం చివరి దారిగానే ఉంచుకోమంటాను.

చేయకూడని పని ఒకటి గట్టిగా చెప్పాలి. వాళ్లకు తెలిసిరావాలని ఒక రిటర్నును వదిలేయవద్దు. ఆలస్యంగా కట్టిన జీఎస్టీకి ఏడాదికి 18 శాతం వడ్డీ, టీడీఎస్ రిటర్నుకు రోజుకు 200 రూపాయల చొప్పున ఫీజు పడతాయి. ఆ చలానా సంస్థ కట్టినా, దాని మీద గుర్తుండే పేరు మీది. ఆపదలచుకుంటే ముందుగా రాసి, కనీసం ఒక నెల గడువు ఇచ్చి, ఎవరికి అప్పగించాలో చెప్పమని అడిగి ఆపాలి.

అడిగితే తప్పుగా అనుకుంటారా అన్నారు. కొందరు అనుకుంటారు. అయితే మీరు పైన చెప్పిన తీరులో అడిగి, నెలాఖరు దాటి మరో నెల గడిచినా జవాబు రాకపోతే అది జవాబే. అప్పుడు బయట వెతకడం మొదలుపెట్టండి. జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్ దాఖలు స్వతంత్రంగా చేయగలిగిన మనిషికి మీ ఇప్పటి హోదాలో ఉన్నవారికంటే ఎక్కువ ఇచ్చే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. రెజ్యూమెలో హోదాను ఉన్నది ఉన్నట్టే రాసి, దాని కింద ఏ రిటర్నులు, ఏ నెల నుంచి, ఎన్ని రిజిస్ట్రేషన్లకు చేశారో రాయండి. సీనియర్ అకౌంటెంట్ అని మీకు మీరే రాసుకుంటే కొత్త సంస్థ చేయించే తనిఖీలో తేలిపోతుంది. రాజీనామా ఇచ్చే రోజున అనుభవ పత్రంలో ఆ పనుల పేర్లు చేర్చమని అడగండి. జీతం పెంచడానికి చేయి రాని యజమాని కూడా ఆ రెండు వాక్యాలు రాసివ్వడానికి మామూలుగా అభ్యంతరం చెప్పడు. పోర్టళ్ల పాస్‌వర్డులు, టోకెన్, పెండింగు నోటీసుల జాబితా అప్పగించి, అందినట్టు సంతకం తీసుకున్నాకే బయటికి రండి.